పాలపొడి ఎందుకు ఉండకడుతుంది: గ్లాసులో ఒక కారణం, డబ్బాలో ఇంకో కారణం

పాలపొడి కలపడం గురించి నలుగురిని అడిగితే నాలుగు రకాలుగా చెబుతారు. మరిగే నీళ్లు పోస్తేనే కరుగుతుందని ఒకరు, చల్లనీళ్లలో వేసి గిలక్కొట్టమని ఇంకొకరు. దాచే విషయంలోనూ అంతే. ఫ్రిజ్‌లో పెట్టాలని కొందరంటే, పెడితే గడ్డకడుతుందని మరికొందరు. గాలిలో తేమ ఎక్కువగా ఉండే చోట్ల, ముఖ్యంగా వానాకాలంలో, ఈ గందరగోళం మరీ ఎక్కువ. నిన్నటిదాకా జలజలా రాలిన పొడి ఇవాళ చెంచా దిగనంత గట్టిపడి ఉంటుంది.

ఈ సలహాల్లో చాలావాటికి ఎంతో కొంత ఆధారం ఉంది. కాకపోతే ఏ సలహా ఏ రకం పొడికి, ఏ పరిస్థితికి వర్తిస్తుందో విడదీసి చెప్పేవాళ్లు తక్కువ. ఇక్కడ మాట్లాడుతున్నది వెన్న తీయని పాలపొడి గురించి, అంటే నిండు పాలలోంచి నీళ్లు మాత్రమే తీసేసి చేసిన పొడి గురించి. వెన్న తీసిన పొడి, చక్కెర కలిపిన డైరీ వైట్నర్, శిశువులకు ఇచ్చే ఫార్ములా ఇవన్నీ చూడ్డానికి ఒకేలా ఉన్నా తీరు వేరు.

## ఒక్క రేణువులో ఏముంటుంది

వంద గ్రాముల పొడిలో సుమారు 27 గ్రాముల కొవ్వు, 38 గ్రాముల దాకా లాక్టోజ్ అనే పాలచక్కెర, పాతిక గ్రాముల ప్రొటీన్, ఆరు గ్రాముల ఖనిజాలు ఉంటాయి. మిగిలేది మూడు గ్రాముల తేమ. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు రూపొందించే కోడెక్స్ ప్రకారం ఈ పొడిలో కొవ్వు 26 శాతానికి తగ్గకూడదు, తేమ 5 శాతం మించకూడదు. ఈ 5 శాతాన్ని గుర్తుపెట్టుకోండి, డబ్బా సంగతి వచ్చినప్పుడు దీనితో పని ఉంది.

పొడి తయారీలో చిక్కబరిచిన పాలను సన్నని తుంపరలుగా వేడిగాలిలోకి చిమ్ముతారు. ఒక్కో తుంపర కొన్ని సెకన్లలోనే ఎండిపోతుంది. అంత త్వరగా ఎండిపోవడం వల్ల పాలచక్కెరకు స్ఫటికాలుగా పేరుకునే వ్యవధి దొరకదు. పంచదార పలుకుల్లా కాకుండా గాజులాంటి స్థితిలో ఉండిపోతుంది. ఆ స్థితిలో ఉన్న లాక్టోజ్ చుట్టుపక్కల తేమ ఎక్కడున్నా లాగేసుకుంటుంది. మరోపక్క కొవ్వులో కొంత భాగం రేణువు పైకి తేలి పల్చని పూతలా అంటుకుని ఉంటుంది. ఆ పూత నీటిని దగ్గరికి రానివ్వదు.

అంటే ఒకే రేణువులో నీళ్లంటే పడని పైపూత, నీళ్ల కోసం ఆవురావురుమనే లోపలి భాగం రెండూ ఉన్నాయి. గ్లాసులో కట్టే ఉండకు మొదటిది కారణం. డబ్బాలో కట్టే గడ్డకు రెండోది కారణం. రెండు చోట్లా ఇబ్బంది పెట్టేది అరకొర తడే. పూర్తిగా తడిసినా, పూర్తిగా పొడిగా ఉన్నా పొడికి ఏమీ కాదు.

## గ్లాసులో ఉండ ఎలా పుడుతుంది

పొడి పాలుగా మారాలంటే వరసగా నాలుగు పనులు జరగాలి. రేణువు తడవాలి, నీళ్లలోకి మునగాలి, తోటి రేణువుల నుంచి విడిపోవాలి, ఆ తర్వాత కరగాలి. చాలామంది కరగడం లేదనుకుంటారు కానీ, తంటా ఎక్కువగా వచ్చేది మొదటి మెట్టులోనే.

ఒక చెంచా పొడిని ఒకేసారి నీళ్లలో గుమ్మరిస్తే ఏమవుతుందో దగ్గర్నుంచి చూడండి. కుప్ప పైకి తేలుతుంది. అంచుల్లో ఉన్న రేణువులు తడిసి, వాటిలోని ప్రొటీన్, లాక్టోజ్ కలిసి జిగురు పొరలా అల్లుకుంటాయి. ఆ పొర దాటి నీళ్లు లోపలికి వెళ్లలేవు. ఆ ఉండను చెంచాతో గ్లాసు గోడకు అదిమితే పగిలి, లోపల నుంచి పొడిపొడిగా, ఇంకా తడి తగలని పాలపొడి బయటికి వస్తుంది. ఆ ఉండను ఎంతసేపు అలా వదిలేసినా తనంతట తాను కరగదు. లోపలికి దారి మూసుకుపోయింది కదా.

ప్యాకెట్ మీద ఇన్‌స్టంట్ అని ఉన్న పొడికి ఈ బెడద తక్కువ. తయారీలోనే చిన్న రేణువుల్ని గుత్తులుగా అతికిస్తారు. గుత్తుల మధ్య ఖాళీల్లోంచి నీళ్లు లోపలికి పాకుతాయి. పైన లెసిథిన్ పూత కూడా పూస్తారు. సాధారణంగా సోయా నుంచి తీసే ఈ పదార్థం కొవ్వుతోనూ నీటితోనూ కలుస్తుంది కాబట్టి పైపూత నీళ్లను తోసెయ్యడం ఆగుతుంది. చల్లనీళ్లలోనూ కరుగుతుందని ఎవరైనా చెబితే, బహుశా వాళ్లు వాడుతున్నది ఇలాంటి పొడే.

## నీళ్లు ఎంత వేడిగా ఉండాలి

మామూలు పొడికి 40 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడి సరిపోతుంది. దీనికి కారణం పైపూతలోని పాలకొవ్వు. 40 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి అది పూర్తిగా కరిగి ద్రవమవుతుంది. చల్లనీళ్లలో అదే కొవ్వు గట్టిగా ఉండి రేణువును తడవనివ్వదు. అందుకే ఫ్రిజ్ నీళ్లలో మామూలు పొడి వేస్తే పైన తెల్లని తెట్టు కట్టి తేలుతూ ఉంటుంది.

అలాంటప్పుడు మరిగే నీళ్లు ఇంకా మంచివి కదా అనిపిస్తుంది. కానీ మరీ వేడిగా ఉంటే బయటి జిగురు పొర క్షణంలో ఏర్పడిపోతుంది, కలిపే వ్యవధి ఉండదు. వేడికి ప్రొటీన్‌లో కొంత ముద్దకట్టి తెల్లని నలకల్లా తేలే అవకాశం కూడా ఉంది. వేడి కాఫీలో నేరుగా పొడి వేసినప్పుడు కనిపించే నలకలు ఇలాంటివే. అక్కడ వేడికి తోడు కాఫీలోని పులుపు కూడా కలుస్తుంది.

మరి 70 డిగ్రీల నీళ్లే వాడాలని చెప్పేవాళ్ల మాట ఎక్కడిది? అది శిశువుల ఫార్ములా గురించిన సూచన. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి 2007లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, పొడిలో ఉండే అవకాశమున్న హానికర బ్యాక్టీరియాను చంపడానికి 70 డిగ్రీలకు తగ్గని నీళ్లతో ఫార్ములా కలపమన్నారు. అక్కడ లెక్క పసిపిల్లల భద్రత, ఉండలు కాదు. అన్నట్టు, వెన్న తీయని పాలపొడి ఫార్ములాకు బదులు కాదు. ఏడాది నిండని పిల్లలకు ప్రధాన ఆహారంగా దాన్ని కలిపి ఇవ్వకూడదు. ఈ ఒక్క విషయంలో రెండో అభిప్రాయానికి తావు లేదు.

థర్మామీటర్ లేకపోయినా 45 డిగ్రీల చుట్టూ రావడం సులువే. గది వేడిలో ఉన్న, ముందే కాచి చల్లార్చిన నీళ్లు మూడు వంతులు, మరిగిన నీళ్లు ఒక వంతు కలపండి. గది నీళ్లు 30 డిగ్రీలు ఉంటే మిశ్రమం 47 దగ్గర తేలుతుంది. గిన్నె కొంత వేడి లాక్కున్నాక మనకు కావాల్సిన చోటికే వస్తుంది.

## ఒకటికి ఏడా, ఒకటికి మూడున్నరా

కొలతల దగ్గర మరో చిక్కు. కొందరు ఒక వంతు పొడికి ఏడు వంతుల నీళ్లంటారు, కొందరు మూడు నాలుగు వంతులు చాలంటారు. రెండూ సరైనవే. మొదటిది బరువు లెక్క, రెండోది గిన్నె లెక్క. పాలపొడి చాలా తేలిక. లీటరు గిన్నె నిండా పోస్తే దాదాపు అర కిలో తూగుతుంది. అందుకే బరువులో ఏడింతల నీళ్లు, గిన్నెతో కొలిస్తే మూడున్నర ఇంతలవుతాయి. గిన్నెతో కొలుస్తూ ఒకటికి ఏడు వేసేవాళ్లకు వచ్చేవి పల్చని నీళ్లపాలు. "ఎన్నిసార్లు చేసినా పొడిపాలు నీళ్లలాగే ఉంటాయి" అనే ఫిర్యాదుకు ఇదే పెద్ద కారణమని నాకనిపిస్తుంది.

ఒక లీటరు పాలకు లెక్క చూద్దాం. 130 గ్రాముల పొడి, 900 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకోవాలి. పొడిలో కొవ్వు 27 శాతం అనుకుంటే 35 గ్రాములవుతుంది. కలిపాక వచ్చేది దాదాపు లీటరు కాబట్టి కొవ్వు మూడున్నర శాతం. నిండు పాలలో ఉండేది కూడా ఇంచుమించు అంతే. ఇక్కడ చాలామంది లీటరు నీళ్లు పోసి లీటరు పాలు వచ్చాయనుకుంటారు. నిజానికి వచ్చేది లీటరు పైన మరో 90 మిల్లీలీటర్లు, చిక్కదనం ఆ మేరకు తగ్గుతుంది. ఒక గ్లాసుకైతే 26 గ్రాముల పొడి, 180 మిల్లీలీటర్ల నీళ్లు. చెంచా లెక్కలు నమ్మదగినవి కావు. తల కొట్టిన చెంచాకూ కుప్పగా తీసిన చెంచాకూ దాదాపు రెట్టింపు తేడా వస్తుంది. ఒక్కసారి తూచి, ఆ బరువు మీ గ్లాసులో ఎక్కడిదాకా వస్తుందో గుర్తుపెట్టుకుంటే తర్వాత తూచక్కర్లేదు.

## ముద్ద చేసి కలపడమా, చల్లి కలపడమా

కలిపే పద్ధతుల్లో రెండు పక్షాలున్నాయి. మొదట కాసిని నీళ్లతో చిక్కటి ముద్దలా చేసి, తర్వాత పల్చబరచాలనేది ఒకటి. కదులుతున్న నీళ్ల మీద పొడిని కొద్దికొద్దిగా చల్లుతూ కలపాలనేది రెండోది.

ముద్ద పద్ధతి బలం చెంచా ఒత్తిడిలో ఉంది. పల్చటి నీళ్లలో ఉండలు చెంచాకు దొరక్కుండా పక్కకు జారుకుంటాయి. చిక్కటి ముద్దలో అవి ఒకదానికొకటి రాసుకుని చితికిపోతాయి. మామూలు పొడి, తక్కువ మోతాదు అయితే నా ఓటు దీనికే. 26 గ్రాముల పొడికి మొదట 30 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు పోసి మెత్తగా, మెరుస్తూ కనిపించేదాకా రుద్ది, మిగతా 150 రెండు విడతల్లో పోయాలి. ముద్దలో గరుకు పోకముందే నీళ్లు పోస్తే మాత్రం మొదటికొస్తుంది.

లీటరు, అంతకు పైన చేసేటప్పుడు, లేదా పొడి ఇన్‌స్టంట్ రకమైనప్పుడు, చల్లే పద్ధతే నయం. పెద్ద మోతాదులో ముద్ద రుద్దడం కష్టం. ఇన్‌స్టంట్ గుత్తులు వాటంతటవే తడిసి విడిపోతాయి కాబట్టి రుద్దాల్సిన అవసరమూ లేదు. విస్క్‌తో నీళ్లను తిప్పుతూ, ముందు చల్లినది మునిగాకే తర్వాతిది చల్లాలి. మిక్సీ వాడొచ్చు కానీ నురగ బాగా వస్తుంది. ఆ గాలి బుడగలు పోయేదాకా పాలు పల్చగా అనిపిస్తాయి.

ఎలా కలిపినా, ఆ తర్వాత 20 నుంచి 30 నిమిషాలు కదపకుండా మూత పెట్టి ఉంచాలి. ఉండలు లేనంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. పాల ప్రొటీన్‌లో ఎక్కువ భాగమైన కేసిన్ చిన్న చిన్న కణాలుగా ఉంటుంది. అవి నీటిని పూర్తిగా పీల్చుకోవడానికి ఆ కాస్త వ్యవధి కావాలి. అది ఇవ్వకుండా తాగితే నాలుకకు సుద్దలా తగులుతుంది, అడుగున సన్నని మడ్డి కనిపిస్తుంది. డెయిరీల్లో పొడి నుంచి పాలు చేసేటప్పుడు కూడా ఇలా ఊరనిచ్చాకే తర్వాతి పనికి వెళతారు.

తేమ, ఉక్క ఉన్న వాతావరణంలో ఇక్కడొక జాగ్రత్త ఉంది. పొడిలో నిద్రాణంగా ఉన్న సూక్ష్మజీవులకు నీళ్లు, గోరువెచ్చదనం దొరికితే లేచి పెరుగుతాయి. కాబట్టి ఊరిన అరగంట తర్వాత వాడేయాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టి ఒక రోజులోపు ముగించాలి. రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు.

## డబ్బాలో గడ్డ: తేమకు ఒక గీత ఉంది

ఇక డబ్బా సంగతి. గాజు స్థితిలో ఉన్న లాక్టోజ్‌కు తేమ తగిలేకొద్దీ అది మెత్తబడే ఉష్ణోగ్రత దిగిపోతూ ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు 100 డిగ్రీల దాకా గట్టిగా నిలబడే లాక్టోజ్, చుట్టూ గాలిలో సాపేక్ష తేమ 37 శాతం దగ్గర ఉండి దాంతో సమానమైతే గది వేడికే మెత్తబడి జిగురవుతుంది. పొడిలో తేమగా చెప్పాలంటే ఆ గీత దాదాపు 5 శాతం దగ్గర ఉంది. ఉక్కగా ఉండే ప్రాంతాల్లో గాలిలో తేమ 70, 80 శాతం ఉంటుంది. అంటే మూత తీసి వదిలేసిన పొడి గడ్డకట్టి తీరుతుంది. అది నాణ్యత లోపం కాదు.

జిగురుబడ్డ రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అది మొదటి దశ. అక్కడితో ఆగదు. మెత్తబడ్డ లాక్టోజ్ ఇప్పుడు స్ఫటికాలుగా మారడం మొదలుపెడుతుంది. స్ఫటికానికి అంత నీరు అక్కర్లేదు కాబట్టి మిగిలిన తేమను బయటికి వదిలేస్తుంది. ఆ తేమను పక్క రేణువులు పీల్చుకుంటాయి, అవీ జిగురవుతాయి. ఒక మూల మొదలైన గడ్డ, డబ్బా మూసే ఉన్నా చుట్టూ పాకడానికి కారణం ఇదే.

## తేమ ఎక్కడినుంచి వస్తోంది: ఒక లెక్క

డబ్బా తెరిచిన ప్రతిసారీ తేమ దూరిపోతుందని అందరూ భయపడతారు. లెక్క వేసి చూద్దాం. లీటరు డబ్బాలో 250 గ్రాముల పొడి ఉంది, పైన అర లీటరు గాలి ఉంది. గదిలో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ. అలాంటి గాలి ఒక లీటరులో ఉండే నీటి ఆవిరి సుమారు 24 మిల్లీగ్రాములు. అంటే మూత తీసినప్పుడు లోపలి గాలంతా మారిపోయినా వచ్చి చేరేది 12 మిల్లీగ్రాములే. 250 గ్రాముల పొడిలో తేమ ఒక్క శాతం పెరగాలంటే రెండున్నర గ్రాముల నీరు కావాలి. అందుకు రెండొందల సార్లకు పైగా తెరవాలి.

ఇప్పుడు తడి చెంచాను చూడండి. ఒక్క నీటి చుక్క బరువు దాదాపు 50 మిల్లీగ్రాములు. అంటే ఒక చుక్క నాలుగుసార్లు మూత తీయడంతో సమానం. పైగా అది డబ్బా అంతా పరుచుకోదు, ఒకే చోట పడి అక్కడే గడ్డకు విత్తనమవుతుంది. మరుగుతున్న గిన్నె మీద డబ్బా పట్టుకుని పొడి వేయడం ఇంకా చేటు. చెంచాకు పట్టిన ఆవిరి నీరై తిరిగి డబ్బాలోకే వెళుతుంది. పొడిని దూరంగా పొడి కప్పులోకి తీసుకుని, మూత పెట్టేశాక పొయ్యి దగ్గరికి వెళ్లడం ఒక్కటే చాలా గడ్డల్ని ఆపుతుంది.

మూడోది సరిగా బిగవని మూత, లేదా మడిచి క్లిప్పు పెట్టిన ప్యాకెట్. తెరిచి మూయడం నిమిషం పని, కారే మూత రోజంతా కారుతూనే ఉంటుంది. దీన్ని పట్టుకోవడానికి వంటింటి తూకం చాలు. పొడి వేసిన డబ్బాను మూత బిగించి తూచి, తెరవకుండా వారం పక్కన పెట్టి మళ్లీ తూచండి. బరువు మారకపోతే డబ్బా మంచిది. రెండు మూడు గ్రాములు పెరిగితే అదంతా పొడి తాగిన నీరే, వారానికి ఒక శాతం చొప్పున గీత వైపు నడుస్తోందన్నమాట. మూడు శాతం దగ్గర మొదలైన పొడి రెండు వారాల్లో ఆ గీతను చేరుతుంది.

అందుకే పెద్ద ప్యాకెట్ కొన్నప్పుడు వారానికి సరిపడేంత చిన్న డబ్బాలోకి తీసి, మిగిలినదాన్ని గాలి పిండేసి, బిగుతైన మరో డబ్బాలో పెట్టడం మేలు. రోజూ తెరిచేది చిన్నది మాత్రమే. నిండుగా నింపిన డబ్బాలో గాలి తక్కువ కాబట్టి కొవ్వు పాతబడి వాసన రావడమూ నెమ్మదిస్తుంది.

## ఫ్రిజ్, బియ్యం, సిలికా జెల్

ఫ్రిజ్ విషయంలో రెండు వైపులా న్యాయముంది. చల్లదనంలో కొవ్వు త్వరగా పాతబడదు, లాక్టోజ్ గట్టిగానే ఉంటుంది. కానీ పైన చెప్పిన గదిలో 26 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా గాలిలోని తేమ నీరై పడుతుంది. ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే మూత తెరిస్తే ఆ నీరు పడేది పొడి మీదే. కాబట్టి రోజూ వాడే డబ్బాకు ఫ్రిజ్ పనికిరాదు. నెలలపాటు దాచే, గాలి చొరని డబ్బాకు పనికొస్తుంది. బయటికి తీశాక అది గది వేడికి వచ్చేదాకా, కొన్ని గంటలైనా సరే, మూత ముట్టకూడదు.

బియ్యం మూట వేయమనే సలహా మాత్రం ఇక్కడ తిరగబడుతుంది. మామూలు బియ్యంలో 12, 13 శాతం తేమ ఉంటుంది. దాని చుట్టూ గాలి 60 శాతం తేమ దగ్గర స్థిరపడుతుంది. పాలపొడి భరించగలిగింది 37. కాబట్టి బియ్యమే పొడికి తేమ ఇస్తుంది. ఉప్పుకు పనికొచ్చిన చిట్కా కావడం వల్ల ఇది ఇక్కడికీ పాకింది. ఉప్పు 75 శాతం తేమ దాకా తట్టుకుంటుంది, దానికి బియ్యం సరిపోతుంది.

ఆహారానికి వాడదగిన సిలికా జెల్ పొట్లం నిజంగా పనిచేస్తుంది, కానీ పరిమితితో. పాలపొడి ఉండాల్సినంత పొడి గాలిలో పది గ్రాముల జెల్ సుమారు ఒక గ్రాము నీటిని పట్టుకుంటుంది. మూత తీసినప్పుడు వచ్చే తేమకు అది నెల పైన సరిపోతుంది. కారే మూతకైతే కొద్ది రోజులకే నిండిపోతుంది.

## గడ్డకట్టిన పొడిని ఏం చేయాలి

వేళ్ల మధ్య నలిపితే విడిపోయే మెత్తని ఉండలు రేణువులు అతుక్కున్న మొదటి దశవి, లేదా ప్యాకెట్ల బరువు కింద నలిగినవి. రంగు, వాసన మారకపోతే జల్లించి, ముద్ద పద్ధతిలో కలిపి త్వరగా వాడేయొచ్చు. గట్టిగా, ఇసుకలా గరగరలాడుతూ, లేత గోధుమ రంగుకు తిరిగిన గడ్డల్లో లాక్టోజ్ స్ఫటికాలైపోయింది. రంగు మారడానికి కారణం చక్కెర, ప్రొటీన్ ఒకదానితో ఒకటి చర్య జరపడం. కొవ్వు కూడా రేణువు నుంచి బయటపడి గాలికి పాడవుతుంది, తడిసిన అట్టలాంటి వాసన వస్తుంది. ఎండలోనో ఓవెన్‌లోనో ఆరబెట్టినా స్ఫటికం తిరిగి గాజు స్థితికి రాదు. వేడికి రంగు, వాసన ఇంకా ముదురుతాయి. బూజు, తడి మచ్చలు కనిపిస్తే ఆ డబ్బాలో ఏదీ మిగుల్చుకోకూడదు.

మధ్యరకం పొడి ఉండి తేల్చుకోలేకపోతే ఒక చెంచాడు నలిపి, సగం గ్లాసు 45 డిగ్రీల నీళ్లలో బాగా కలిపి పది నిమిషాలు ఆగండి. పాలను మెల్లగా వంచేశాక గ్లాసు అడుగు శుభ్రంగా ఉంటే పొడి పనికొస్తుంది. అడుగున తెల్లని ఇసుకలా పేరుకుని, ఎంత తిప్పినా కలవకపోతే ప్రొటీన్ కరిగే గుణం పోయిందన్నమాట. ఇక దాన్ని పారబోయడమే.